కొనుగోలు మేనేజర్ తెరిచే మెయిల్

ఫోన్‌లో ఇన్‌బాక్స్ తెరవగానే ఒక్కో మెయిల్‌కు కనిపించేవి మూడే: పంపినవారి పేరు, సబ్జెక్ట్ లైన్‌లో మొదటి ముప్పై, నలభై అక్షరాలు, దాని కింద మెయిల్‌లోని తొలి మాటలు కొన్ని. కంపెనీకి కావలసిన సరుకు కొనే మేనేజర్ ఏ మెయిల్ ఇప్పుడు తెరవాలో, ఏది సాయంత్రానికి వదిలేయాలో ఈ మూడింటిని చూసే తేల్చుకుంటారు. అమ్మేవారు ఎంతో కష్టపడి తయారుచేసిన ధరల పట్టిక, జతచేసిన పీడీఎఫ్ ఆ క్షణంలో ఆయన కంటికి కనబడవు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్ బాలానగర్‌లో స్టెయిన్‌లెస్ స్టీల్ బాల్ వాల్వులు తయారుచేసే చిన్న యూనిట్ ఉందనుకోండి. ఒక మందుల కంపెనీ 40 వాల్వులకు ధర అడిగింది. యూనిట్ కొటేషన్ పంపింది. పది రోజులైనా జవాబు లేదు. దాంతో యజమాని ఇంకో మెయిల్ పంపారు. సబ్జెక్ట్: ‘రిమైండర్: మా కొటేషన్ గురించి’. తొలి వాక్యం: ‘మీరు క్షేమంగా ఉన్నారని తలుస్తూ, మా కొటేషన్‌ను పరిశీలించి ఆర్డరు దయచేయగలరని ప్రార్థన’. వ్యాపారంలో రోజూ తిరిగే మెయిళ్లలో సగం ఇలాగే ఉంటాయంటే ఆశ్చర్యం లేదు.

ఇందులో మర్యాదకు లోటు లేదు. ఆ మేనేజర్‌కు పనికొచ్చే మాట ఒక్కటీ లేకపోవడమే ఇబ్బంది. ‘మా కొటేషన్’ అంటే ఏ కొటేషన్? ఆయన టేబుల్ మీద పంపుల నుంచి గాస్కెట్ల దాకా పదుల కొద్దీ ఫైళ్లు నడుస్తుంటాయి. అమ్మేవారి కొటేషన్ నంబరు ఆయన కంప్యూటర్‌లో వెతికే నంబరు కాదు. ఆయన వెతికేది తమ కంపెనీ ఇచ్చిన నంబరు, అంటే ధర అడుగుతూ పంపిన ఆర్‌ఎఫ్‌క్యూ మీద ఉన్నది. శాప్ వాడే కంపెనీల్లో ఇది సాధారణంగా 60తోనూ, కొనుగోలు ఆర్డరు నంబరు 45తోనూ మొదలయ్యే పది అంకెల సంఖ్య. సబ్జెక్ట్‌లో ఆ సంఖ్య ఉంటే ఆ ఫైలు మీద కూర్చున్న రోజున మెయిల్ దానంతటదే బయటపడుతుంది. లేకపోతే ఎంత మంచి ధర అయినా ఇన్‌బాక్స్ అడుగున ఉండిపోతుంది.

రెండో లోపం ఇంకా పెద్దది. ‘ఆర్డరు ఇవ్వండి’ అనేది ఆ మేనేజర్ ఈ పూట ఒంటరిగా చేయగలిగిన పని కాదు. ముందు ప్లాంటు వాళ్లు ఇండెంట్ పెట్టాలి, కనీసం రెండు మూడు కంపెనీల ధరలు రావాలి, వాటిని పక్కపక్కన పెట్టిన కంపారిటివ్ స్టేట్‌మెంట్ తయారవ్వాలి, ఇంజినీర్లు సాంకేతికంగా సరేననాలి, మొత్తాన్ని బట్టి ఫైనాన్స్ సంతకం కావాలి. ఆ తర్వాతే ఆర్డరు. చేతిలో లేని పనిని అడిగిన మెయిల్‌కు చాలామంది ‘కాదు’ అని కూడా రాయరు. పక్కన పెట్టేస్తారు. కాబట్టి రాసే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న: ఈ ఫైలు ఇప్పుడు ఎక్కడ ఆగింది, దాన్ని ఒక మెట్టు కదపడానికి ఈయన ఒక్కరే ఈ రోజు ఏం చేయగలరు?

మన ఉదాహరణలో ఫైలు వాల్వు సీటు దగ్గర ఆగిందనుకుందాం. లోపలి సీటు మామూలు పీటీఎఫ్‌ఈదా, గాజు పొడి కలిపి గట్టిపరిచిన ఆర్‌పీటీఎఫ్‌ఈదా అన్నది కంపెనీ చెప్పలేదు. రెండోది ఎక్కువ ఒత్తిడిని తట్టుకుంటుంది, ధర కూడా మారుతుంది. ప్లాంటు షట్‌డౌన్ ఆగస్టు మొదటి వారంలో. వాల్వులు జులై 31కల్లా చేరాలి. బాడీల కాస్టింగ్‌కు మూడు వారాలు, మెషినింగ్‌కూ బిగింపుకూ రెండు, నీటి ఒత్తిడి పరీక్షకు, సర్టిఫికెట్లకు, రవాణాకు ఒకటి. మొత్తం ఆరు వారాలు. వెనక్కి లెక్కపెడితే జూన్ 19 వస్తుంది.

ఇప్పుడు సబ్జెక్ట్ ఇలా ఉంటుంది: ‘ఆర్‌ఎఫ్‌క్యూ 6000004512: 40 బాల్ వాల్వులు, సీటు రకం జూన్ 19లోగా’. తొలి వాక్యం: ‘సార్, మీ షట్‌డౌన్‌కు ముందు జులై 31కల్లా వాల్వులు అందాలంటే, సీటు పీటీఎఫ్‌ఈనా ఆర్‌పీటీఎఫ్‌ఈనా అన్నది జూన్ 19లోగా మాకు తెలియాలి.’ రెండో వాక్యం: ‘ఇది మెయింటెనెన్స్ వారు చెప్పాల్సినదైతే ఈ మెయిల్ వారికి పంపితే చాలు, రెండు రకాల ధరలూ కిందనే ఉన్నాయి.’ నమస్కారాలు, కృతజ్ఞతలు చివర్లో. మర్యాద ఎక్కడికీ పోలేదు, చోటు మారిందంతే.

గడువు తేదీకి కారణం అమ్మేవారి అవసరంలో కాక కొనేవారి షట్‌డౌన్‌లో ఉంది, అందుకే అది ఒత్తిడిలా అనిపించదు. అడిగిన పని ఒక్క ఫార్వర్డ్‌తో తీరుతుంది. ఫార్వర్డ్ అందుకున్న ఇంజినీరుకు పాత మెయిళ్లు తిరగేయకుండానే విషయం అర్థమవుతుంది. ఈ మూడో గుణాన్ని చాలామంది మరిచిపోతారు. కొనుగోలు విభాగంలోకి వచ్చిన మంచి మెయిల్ అక్కడితో ఆగదు, ఇంకొకరి దగ్గరికి వెళుతుంది. ‘నిన్న ఫోన్‌లో మాట్లాడుకున్నట్టు’ అని మొదలైన మెయిల్ ఆ రెండో మనిషికి ఎందుకూ పనికిరాదు.

బిల్లు రాని చోట కూడా దారి ఇదే. ‘చెల్లింపు వెంటనే చేయగలరు’ అంటే కొనుగోలు మేనేజర్ చేయగలిగింది తక్కువ. ఆర్డరు, స్టోర్స్ వాళ్లు సరుకు అందిందని వేసే జీఆర్‌ఎన్, ఇన్‌వాయిస్ మూడూ సరిపోలితేనే అకౌంట్స్ డబ్బు వదులుతుంది. చాలాసార్లు ఆగేది జీఆర్‌ఎన్ దగ్గర. ‘పీఓ 4500012345: ఇన్‌వాయిస్ 87కు జీఆర్‌ఎన్ నంబరు కావాలి’ అని రాస్తే ఆయన స్టోర్స్‌కు ఒక ఫోన్ చేసి తేల్చగలరు.

పాత సంబంధం లేని కంపెనీకి మొదటిసారి రాసేటప్పుడు చేతిలో ఏ నంబరూ ఉండదు. అప్పుడు వస్తువు, దాని గ్రేడు, ఊరు చెప్పడం మేలు: ‘ఎస్‌ఎస్ 316 బాల్ వాల్వులు, 3.1 సర్టిఫికెట్‌తో, బాలానగర్’. అడగాల్సింది ఆర్డరు కాదు, వెండార్ రిజిస్ట్రేషన్ ఫారం.

కొన్ని ఎత్తులు మాత్రం నష్టమే తెస్తాయి. ఎన్నడూ ఉత్తరప్రత్యుత్తరాలు జరగకపోయినా సబ్జెక్ట్‌కు ముందు ‘రీ:’ తగిలించడం అబద్ధం. మోసపుచ్చే సబ్జెక్ట్ లైన్లను అమెరికా 2003 నాటి క్యాన్-స్పామ్ చట్టంతో నిషేధించింది కూడా. ‘అర్జెంట్’ అన్న మాట మీద కొనుగోలు విభాగాలకు ఇప్పుడు అనుమానమే ఎక్కువ. సరఫరాదారు పేరుతో బ్యాంకు ఖాతా మారిందని చెప్పి డబ్బు దోచే నకిలీ మెయిళ్లు వాడేదీ అదే మాట. సబ్జెక్ట్‌ను ప్రతిసారీ మార్చడమూ మంచిది కాదు. మారిస్తే జీమెయిల్‌లో అది కొత్త సంభాషణగా విడిపోతుంది, పాత ధరలు ఒకచోట, కొత్తవి ఇంకోచోట పడతాయి. ధర సవరించినప్పుడు మాత్రం ఆ విషయం సబ్జెక్ట్‌లో కనబడాలి. ఆ ఒక్కసారి విడిపోయినా ఫర్వాలేదు, తర్వాత ఆడిట్‌లో ఏది చివరి ధరో తేలాలి కదా.

ఫలితం ఎలా తెలుస్తుంది? మెయిల్ తెరిచారో లేదో చెప్పే సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకోవద్దు. 2021లో ఐఫోన్లలో వచ్చిన మెయిల్ ప్రైవసీ ప్రొటెక్షన్‌ను ఎంచుకున్నవారి విషయంలో, వాళ్లు తెరవకపోయినా తెరిచినట్టు లెక్క పడవచ్చు. అడిగిన ఒక్క ప్రశ్నకు, అడిగిన తేదీలోగా జవాబు వచ్చిందా అన్నదే సరైన కొలత.

ఈ పద్ధతి చెల్లని చోటూ ఒకటుంది. ప్రభుత్వ రంగ సంస్థల టెండర్లలో సాంకేతిక బిడ్, ధర బిడ్ వేర్వేరుగా అడిగినప్పుడు ధర నిర్ణీత కవరులోనో పోర్టల్‌లోనో మాత్రమే ఉండాలి. అక్కడ మెయిల్ తొలి వాక్యంలో ధర రాస్తే బిడ్ తిరస్కరణకు గురికావచ్చు.