గ్రూపులో గుచ్చకుండా అడగడం

"ఎనీ అప్‌డేట్స్?" అని ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెడితే, అందరూ చూసినట్టు నీలం టిక్కులు పడతాయి కానీ జవాబు రాదు. అందరినీ అడిగింది ఎవరినీ అడగనట్టే మరి.

ఎవరి పనో, ఎందుకో, ఎప్పటికో చెప్పి అడగాలి: "రమేశ్ గారూ, సాయంత్రం 5కి క్లయింటుకు రిపోర్టు వెళ్లాలి. మీ సేల్స్ లెక్కలు 3 కల్లా వస్తాయా, రేపా? రేపైతే ఆ పేజీ లేకుండా పంపి, తర్వాత కలుపుతాను."

ఆలస్యమైందని ఒప్పుకోవడానికి ఇందులోనే దారి ఉంది. "రేపు" అన్న ఒక్క మాట చాలు. 3 దాటినా పలక్కపోతే గ్రూపులో మళ్లీ పేరెత్తకండి, విడిగా ఫోన్ చేయండి. నలుగురిలో రెండోసారి అడిగితే నిలదీసినట్టే ఉంటుంది. "??" అని మాత్రమే పంపడం అంతకన్నా మోటు.