యంత్ర సంభాషణ ఆగవలసిన చోటు

2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ‘వోబాట్’ను 70 మంది యువతీయువకులపై పరీక్షించారు. రెండు వారాలు దానితో సంభాషించినవారిలో కుంగుబాటు లక్షణాలు కొంత తగ్గాయి. ప్రతికూలమైన ఆలోచనను పట్టుకొని, దానికి ఆధారమేమిటని ప్రశ్నించుకొనే అభ్యాసాన్ని ఏ వేళలోనైనా చేయించడం చాట్‌బాట్ అందించగల సహాయం. ఈ ఫలితాన్ని సంక్షోభ స్థితికి అన్వయించడం సరికాదు.

తెలుగులో ఈ పరిమితి మరింత స్పష్టమవుతుంది. ‘ఈ ఎండకు చచ్చిపోతున్నాను’ అన్నప్పుడు చావు మాట ఉన్నది, ప్రమాదం లేదు. ‘ఇక మీకెవరికీ భారంగా ఉండను’ అన్నప్పుడు ఆ మాట లేదు, ప్రమాదం ఉండవచ్చు. పదాలను బట్టి హెచ్చరించే వ్యవస్థ మొదటిదానికి ఉలిక్కిపడి రెండవదాన్ని దాటిపోగలదు.

అప్పనపల్లిలో ఒక యువకుడు అర్ధరాత్రి ఆ రెండవ వాక్యాన్నే టైపు చేశాడనుకుందాం. చనిపోవాలన్న ఆలోచన వస్తున్నదా అని సూటిగా అడగాలి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలరాదు. ఇంట్లోని పురుగుమందును అందకుండా చేయాలి, వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి. వీటిలో మొదటిది తప్ప మరేదీ యంత్రానికి సాధ్యం కాదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ (14416) తెలుగులోనూ సేవలందిస్తున్నది. అయితే తెరపై ఆ సంఖ్యను చూపినంత మాత్రాన అతడు ఫోన్ చేస్తాడని లేదు. ఆ విషయం ఇంట్లో మరొకరికి తెలియాలి.