మధుర వెళ్లకముందు ఏం చెప్పింది?

1926 డిసెంబరులో ఢిల్లీలో పుట్టిన శాంతిదేవికి నాలుగేళ్లు వచ్చేసరికి ఇంట్లో వాళ్లకు ఒకటే మాట వినిపించసాగింది. ఇది మా ఇల్లు కాదు, మా ఇల్లు మధురలో ఉంది, మా ఆయన అక్కడున్నాడు అనేది ఆ పిల్ల. ఆయనకు బట్టల కొట్టుందని, ఎడమ చెంప మీద పులిపిరి ఉందని, చదివేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకుంటాడని చెప్పేది. పేరు మాత్రం చాలాకాలం బయటపెట్టలేదు. చివరికి ఒక పెద్దాయన బుజ్జగించి అడిగితే కేదార్‌నాథ్ చౌబే అంది. మధురకు ఉత్తరం రాశారు. ఆ పేరుగల వ్యాపారి నిజంగానే ఉన్నాడు. ఆయన భార్య లుగ్డీదేవి 1925 అక్టోబరులో, కొడుకును కన్న కొద్దిరోజులకే చనిపోయింది.

ఇక్కడి నుంచి ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో జాగ్రత్తగా చూడాలి. మొదట ఢిల్లీలోనే ఉన్న కేదార్‌నాథ్ బంధువు వచ్చి పిల్లను చూసి వెళ్లాడు. తర్వాత కేదార్‌నాథే కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. ఈయన నీ భర్తకు అన్నగారు అని చెప్పినా, శాంతిదేవి గుర్తుపట్టిందంటారు. ఆ వార్త ఊరంతా పాకింది. గాంధీజీ చొరవతో 15 మందితో సంఘం ఏర్పడింది. 1935 నవంబరులో వాళ్లు పిల్లను తీసుకుని రైల్లో మధుర వెళ్లారు. ఆమె బంధువులను గుర్తుపట్టింది, ఇంటికి దారి చూపింది, డబ్బు దాచిన చోటు ఇదీ అంది. అక్కడ తవ్వితే ఏమీ దొరకలేదు. ఆ డబ్బు తానే తీసుకున్నానని కేదార్‌నాథ్ ఒప్పుకున్నాడు. లుగ్డీదేవే శాంతిదేవిగా పుట్టిందని సంఘం 1936లో తేల్చింది. బాలచంద్ నాహటా అనే మరో పరిశీలకుడు మాత్రం, ఉన్న ఆధారాలతో అంత మాట అనలేమని అప్పుడే విడిగా రాశారు.

నమ్మేవాళ్లకు ఖాళీ గుంట కూడా సాక్ష్యమే: డబ్బు దాచిన సంగతి ఆ పసిదానికి ఎవరు చెప్పారని అడుగుతారు. నమ్మనివాళ్లు ఒక అడుగు వెనక్కి వెళ్తారు. మధుర ప్రయాణానికి ముందే రెండు కుటుంబాలూ కలిశాయి, మాట్లాడుకున్నాయి, కేదార్‌నాథ్ పిల్లతో గడిపాడు. ఆ తర్వాత ఆమె చెప్పినదాంట్లో తనదెంత, విన్నదెంత అని వేరుచేయడం ఎవరి తరం? నాకు ఈ అభ్యంతరం చాలా బలమైనదిగా కనిపిస్తుంది. మధురలో జరిగినవాటి కంటే, ఉత్తరం వెళ్లకముందు పిల్ల అన్న మాటలే విలువైనవి. వాటిని అప్పటికప్పుడు తేదీ వేసి వరసగా రాసిపెట్టి ఉంటే ఈ కథ మరోలా నిలిచేది.

ఇలాంటి కథలను పద్ధతిగా సేకరించినవాడు అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన మానసిక వైద్యుడు ఇయాన్ స్టీవెన్సన్. 1960ల నుంచి ఆయన భారత్, శ్రీలంక, లెబనాన్ లాంటి చోట్ల తిరిగారు. ఆయనా ఆయన సహచరులూ పోగుచేసినవి దాదాపు 2,500. మన దేశంలో బెంగళూరు నిమ్హాన్స్‌కు చెందిన సత్వంత్ పస్రిచా ఈ పని చేశారు. వీటిలో ఒక పోలిక కనిపిస్తుంది. పిల్లలు సాధారణంగా రెండు నుంచి నాలుగేళ్ల మధ్య ఈ మాటలు మొదలుపెడతారు, ఏడెనిమిదేళ్లకు ఆపేస్తారు. వాళ్లు చెప్పే చావుల్లో ప్రమాదాలూ హత్యలే ఎక్కువ. హఠాత్తుగా తెగిన జీవితం గట్టిగా గుర్తుంటుందని నమ్మేవాళ్లంటారు. అలాంటి చావుల గురించే జనం ఎక్కువగా మాట్లాడుకుంటారు, పిల్లల చెవిన పడేవీ అవేనని అవతలివాళ్లంటారు. పునర్జన్మను నమ్మే సమాజాల్లోనే ఇవి ఎక్కువగా బయటపడటాన్ని మద్రాసు క్రిస్టియన్ కాలేజీ తత్వశాస్త్ర ఆచార్యుడు సి.టి.కె. చారి ఎత్తిచూపారు.

సందేహవాదులు చెప్పే క్రమం ఇలా ఉంటుంది. పిల్లవాడు నన్ను లారీ గుద్దింది అంటాడు. పెద్దలు ఏ ఊళ్లో, పేరేంటి అని గుచ్చిగుచ్చి అడుగుతారు. చుట్టుపక్కల వెతికితే లారీ కింద పడి పోయిన ఎవరో ఒకరు దొరుకుతారు. రెండు కుటుంబాలూ కలిశాక, పిల్లవాడు చెప్పిన తప్పులు మరుగున పడి, కలిసిన మాటలే మిగులుతాయి. తర్వాత విన్నవి కూడా ముందే చెప్పినట్టు గుర్తుంటాయి. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పనక్కర్లేదు. బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి ఆ నమ్మకం ఎంత ఊరటో ఊహించగలం.

ఈ వాదనను పరీక్షించవచ్చు. కుటుంబాలు కలిశాక మాటలు పెరిగి, తప్పులు తగ్గేటట్టయితే, కలవకముందే రాసిపెట్టిన కథల్లో మాటలు తక్కువగా, తప్పులు ఎక్కువగా ఉండాలి. స్టీవెన్సన్, సైబో షౌటెన్ 1998లో భారత్, శ్రీలంక కథలను అలా పోల్చారు. ముందే రాసినవి 21, తర్వాత సేకరించినవి 82. రెండింటిలోనూ సరిపోయిన మాటలు నూటికి 77, 78 దాకా ఉన్నాయి. మాటల సంఖ్య ముందే రాసినవాటిలోనే ఎక్కువ. కథ ఊరికే పెరిగిపోతుందన్న వాదనకు ఇది ఎదురుదెబ్బే. అయితే పోల్చింది స్టీవెన్సన్ సొంత సేకరణనే. పైగా నా పెళ్లాం ఉంది, ఇంటి దగ్గర గుడి ఉంది లాంటి మాటలు ఎవరికైనా సరిపోతాయి కనుక, సరిపోయిన వంతు ఒక్కటే చాలదు. అన్నిటికంటే పెద్ద చిక్కు, ముందే రాసిపెట్టిన కథలు మొత్తం సేకరణలో పిడికెడే ఉండటం.

కాబట్టి ఏ ఇంట్లోనైనా పసివాడు నా అసలు ఊరు వేరే అంటే, చేయాల్సిన పని సులువే. వాడి మాటలు వాడన్నట్టే, తేదీతో, తప్పొప్పులు ఎంచకుండా రాయాలి. ఏ ప్రశ్నకు జవాబుగా అన్నాడో ఆ ప్రశ్న కూడా రాయాలి. పేర్లు అందించకూడదు. రాసిన కాగితం రెండు కుటుంబాలకూ సంబంధంలేని మనిషి చేతికి ఇచ్చాకే ఆ ఊరికి కబురు పెట్టాలి.