బయల్దేరినదాని కన్నా ఎక్కువై చేరే వోల్టేజి

2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు బెంగళూరులోని బెళ్ళందూరులో అపార్ట్‌మెంట్ల దీపాలు ఆరిపోయాయి. లాక్‌డౌన్ వల్ల రింగు రోడ్డు ఆఫీసులు అప్పటికే ఖాళీగా ఉన్నాయి. తొమ్మిది నిమిషాల పాటు దీపాలు ఆర్పమని ప్రధాని ఇచ్చిన పిలుపుతో దేశం మొత్తం మీద విద్యుత్ వాడకం కొద్ది నిమిషాల్లోనే 31 వేల మెగావాట్లు పడిపోయింది. ఆ రాత్రి జనం ఎక్కువగా మాట్లాడుకున్నది ఫ్రీక్వెన్సీ గురించి. ఉత్పత్తి ఎక్కువై, వాడకం తక్కువైతే ఫ్రీక్వెన్సీ ఎగబాకుతుందనేది తేలిగ్గా అర్థమయ్యే విషయమే. దక్షిణాది గ్రిడ్‌ను నడిపే లోడ్ డిస్పాచ్ కేంద్రం ఉన్నది బెంగళూరులోనే. అక్కడివాళ్ళకు, వాళ్ళలాంటి మిగతా కేంద్రాల వాళ్ళకు ఇంకో భయం కూడా ఉంది. కరెంటు దాదాపు పారని పొడవాటి లైన్లు ఊరుకోవు. వాటి అవతలి కొసన వోల్టేజి, ఇవతల మనం ఇచ్చినదాన్ని మించిపోతుంది.

వినగానే నమ్మబుద్ధి కాని మాట ఇది. తీగ పొడవు పెరిగితే వోల్టేజి తగ్గాలి కదా? ఊరి చివర ఇంట్లో బల్బు గుడ్డిగా వెలగడం మనందరం చూసిందే. మరి పెరగడం ఎక్కడిది?

ఈ సంగతి మొదట బయటపడింది లండన్‌లో. ఇరవయ్యేళ్ళు దాటిన కొద్దికాలానికే సెబాస్టియన్ జియానీ డి ఫెరాంటీ అనే ఇంజనీరు, థేమ్స్ ఒడ్డున డెప్ట్‌ఫర్డ్‌లో పెద్ద విద్యుత్ కేంద్రం కట్టి, అక్కడి నుంచి నగరం నడిబొడ్డుకు 10,000 వోల్టుల వద్ద కరెంటు పంపాలని పూనుకున్నాడు. అంత వోల్టేజికి తగిన కేబుల్ ఆ రోజుల్లో దొరకదు. కాబట్టి తనే తయారు చేసుకున్నాడు. ఒక రాగి గొట్టం చుట్టూ మైనంలో నానబెట్టిన కాగితం చుట్టి, దాని మీద ఇంకో రాగి గొట్టం తొడిగాడు. ఇలాంటి ముక్కలను ఒకదానికొకటి అతికి, సుమారు 11 కిలోమీటర్లు పరిచాడు. 1890 ప్రాంతంలో వాడకంలోకి వచ్చాక కొలిచి చూస్తే, లండన్ కొసన వోల్టేజి ట్రాన్స్‌ఫార్మర్ల నిష్పత్తి ప్రకారం రావలసిన దానికన్నా ఎక్కువ చూపించింది. జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ 1891లో దానికి కారణం వివరించాడు. వాక్యూమ్ డయోడ్ కనిపెట్టింది ఈయనే. ఆ విడ్డూరానికి మాత్రం ఫెరాంటీ పేరే స్థిరపడింది.

కారణం తెలియాలంటే లైనును ఉత్త తీగగా చూడకూడదు. తీగకూ తీగకూ మధ్య, తీగకూ నేలకూ మధ్య గాలి ఉంది. కేబుల్‌లో అయితే గాలి స్థానంలో ఇన్సులేషన్ ఉంటుంది. అంటే లైను పొడవునా అదొక కెపాసిటర్. వోల్టేజి సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంటే ఆ కెపాసిటర్ నిండుతూ ఖాళీ అవుతూ ఉంటుంది. కాబట్టి అవతలి కొసన ఏ మోటారూ లేకపోయినా, బ్రేకర్ తెరిచే ఉన్నా, ఇవతలి నుంచి లైన్లోకి కరెంటు పోతూనే ఉంటుంది. దీన్ని ఛార్జింగ్ కరెంట్ అంటారు. అదే తీగకు ఇండక్టెన్స్ కూడా ఉంది. అంటే కరెంటులో ఏ మార్పు వచ్చినా అడ్డుకునే గుణం.

ఇప్పుడు వోల్టేజి శిఖరానికి చేరిన ఒక్క క్షణాన్ని పట్టుకుని చూద్దాం. అప్పటికి కెపాసిటర్ నిండిపోయింది, ఇక ఛార్జింగ్ కరెంటు అవసరం లేదు. అందుకే ఆ క్షణంలో కరెంటు సున్నా. అయితే అది సున్నా దగ్గర నిలబడి లేదు. ముందుకు పారుతున్నదల్లా తగ్గుతూ వచ్చి, వెనక్కి తిరగబోతోంది. కరెంటు అత్యంత వేగంగా మారేది సరిగ్గా ఇక్కడే. తగ్గిపోతున్న కరెంటును ఇండక్టెన్స్ తగ్గనివ్వదు, ముందుకే నెడుతుంది. ఆ నెట్టుడు మూల వోల్టేజికి తోడై అవతలి కొసకు చేరుతుంది. శిఖరం మీద ఇంకొంచెం ఎత్తు పెట్టినట్టయింది. మామూలు లోడు కరెంటు విషయంలో ఇలా జరగదు. అది వోల్టేజితో పాటే శిఖరానికి చేరుతుంది కనుక ఆ క్షణంలో దాని మార్పు వేగం సున్నా, ఇండక్టెన్స్ నెట్టేదీ ఏమీ ఉండదు. లోడు పెద్దదైన కొద్దీ తీగలో పడే వోల్టేజి కోతే గెలుస్తుంది. లోడు లేనప్పుడు ఛార్జింగ్ కరెంటుదే రాజ్యం.

పెరుగుదల ఎంత అనేది ఇందులోంచే వస్తుంది. లైను పొడవు రెట్టింపైతే ఛార్జింగ్ కరెంటు రెట్టింపు, అది దాటాల్సిన ఇండక్టెన్స్ కూడా రెట్టింపు. కాబట్టి పెరుగుదల దాదాపు నాలుగింతలు. ఫ్రీక్వెన్సీ విషయంలోనూ ఇదే తీరు.

ఈ లెక్కతో చూస్తే డెప్ట్‌ఫర్డ్ కథలో ఒక చిక్కు కనిపిస్తుంది. 11 కిలోమీటర్ల కేబుల్, అక్కడి ఫ్రీక్వెన్సీ 83 హెర్ట్జ్ దగ్గర. కేబుల్ సొంత ఇండక్టెన్స్ మాత్రమే లెక్కలోకి తీసుకుంటే పెరుగుదల శాతంలో పదో వంతు కూడా రాదు. అసలు పని చేసింది కేబుల్‌కు వెనకున్న ట్రాన్స్‌ఫార్మర్లు, జనరేటర్ల ఇండక్టెన్స్. కేబుల్ తాగే ఛార్జింగ్ కరెంటు వాటిని దాటుకునే రావాలి, దాటేటప్పుడే వోల్టేజి ఎక్కింది. పాఠ్యపుస్తకాలు సాధారణంగా లైనులోని పెరుగుదల దగ్గరే ఆగిపోతాయి. నా దృష్టిలో ఈ రెండో ముఖమే క్షేత్రంలో ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. గ్రిడ్ మొత్తం కుప్పకూలిన తర్వాత ఒక చిన్న జలవిద్యుత్ యూనిట్‌తో ఖాళీ లైనును ఛార్జ్ చేయబోయేవాళ్ళకు ఎదురయ్యేది ఇదే. వెనకున్న మూలం బలహీనమైన కొద్దీ దాని ఇండక్టెన్స్ ఎక్కువ. లైను కొస సంగతి అలా ఉంచి, మొదలే పైకి లేస్తుంది.

మన దగ్గరికి పొడవాటి లైను డెప్ట్‌ఫర్డ్ తర్వాత ఎంతోకాలం పట్టకుండానే వచ్చింది. 1902లో మైసూరు సంస్థానం శివనసముద్రం జలపాతం దగ్గర కరెంటు పుట్టించి, 147 కిలోమీటర్ల దూరంలో ఉన్న కోలారు బంగారు గనులకు పంపింది. చిత్తూరు వైపు నుంచి వెళ్ళిన తెలుగు కూలీలు ఎందరో దిగిన గనులవి. అప్పటికి ప్రపంచంలోని పొడవైన లైన్లలో అదొకటి. వోల్టేజి 30,000, ఫ్రీక్వెన్సీ 25 హెర్ట్జ్. లెక్క వేస్తే లోడు లేని వేళ ఆ లైనులో పెరుగుదల 0.3 శాతం, అంటే 90 వోల్టులు మాత్రమే. ఆనాటి మీటరు మీద ముల్లు కదిలినట్టు కూడా తెలియదు. అదే లైను 50 హెర్ట్జ్ మీద నడిచి ఉంటే నాలుగింతలయ్యేది.

ఈ రోజుల్లో కథ వేరు. రాయలసీమ మీదుగా కర్ణాటకలోకి వెళ్ళే 400 కిలోవోల్టుల లైన్ల లాంటిదొకటి 300 కిలోమీటర్ల పొడవు ఉందనుకుందాం. నష్టాలు లెక్కపెట్టకపోతే సూత్రం చాలా చిన్నది:

V₂ = V₁ / cos θ

50 హెర్ట్జ్ తరంగం ఒక పూర్తి చుట్టు తిరగడానికి సుమారు 6,000 కిలోమీటర్లు పడుతుంది. 300 కిలోమీటర్లంటే అందులో ఇరవయ్యో వంతు, కోణంలో 18 డిగ్రీలు, అదే θ. cos 18° విలువ 0.951. ఇవతల 400 ఇస్తే అవతల 420.6 కిలోవోల్టులు తేలుతుంది. మన దేశంలో ఈ తరగతి లైన్లకు అనుమతించిన గరిష్ఠ వోల్టేజి 420. అంటే ఏమీ చెయ్యకుండానే హద్దు దాటాం. పైగా అర్ధరాత్రి వేళ ఇవతలి బస్‌బార్ 400 దగ్గర ఉండదు, 410 దాకా ఉంటుంది. అప్పుడు అవతలి కొస 431.

ఆ కొసన జరిగేదేమిటంటే, ట్రాన్స్‌ఫార్మర్ కోర్ అయస్కాంతత్వంతో కిక్కిరిసి గట్టిగా హోరెత్తుతుంది, వేడెక్కుతుంది. లైట్నింగ్ అరెస్టర్ల మీద రాత్రంతా భారం పడుతుంది. హద్దు మీరితే ఓవర్ వోల్టేజి రిలే కొన్ని సెకన్లు చూసి లైనును కొట్టేస్తుంది. ఆపరేటర్‌కు తెలిసేది సులువైన పోలికతో: తెరిచి ఉన్న బ్రేకర్‌కు లైను వైపున్న సీవీటీ ఎంత చూపిస్తోంది, బస్‌బార్ వైపున్నది ఎంత చూపిస్తోంది? లైను వైపు బాగా ఎక్కువుంటే బ్రేకర్ వేసే ముందు ఆలోచించాలి.

మందు షంట్ రియాక్టర్. చూడ్డానికి ట్రాన్స్‌ఫార్మర్ లాగే నూనె ట్యాంకూ బుషింగులూ ఉంటాయి. లోపల మాత్రం గాలి సందులున్న ఇనుప కోర్ మీద ఒకటే చుట్ట. లైను కెపాసిటర్ పుట్టించే రియాక్టివ్ పవర్‌ను ఇది అక్కడికక్కడే మింగేస్తుంది. మన 300 కిలోమీటర్ల లైను 400 కిలోవోల్టుల దగ్గర సుమారు 165 మెగావార్ పుట్టిస్తుంది. అందులో సగం అవతలి కొసన ఉందని భావించవచ్చు. అక్కడ 50 మెగావార్ రియాక్టర్ పెడితే వోల్టేజి 420.6 నుంచి 408కి దిగుతుంది. 80 మెగావార్‌ది పెడితే దాదాపు సరిగ్గా 400.

అలాగని ఎంత పెద్దది పెడితే అంత మేలు కాదు. ఇలాంటి లైను మీద 500 మెగావాట్ల పైచిలుకు పారుతుంటే లైను పుట్టించే రియాక్టివ్ పవరూ, అదే మింగే రియాక్టివ్ పవరూ సమానమై రెండు కొసలా వోల్టేజి ఒకేలా ఉంటుంది. అంతకు మించి పారితే లైను మింగేదే ఎక్కువ. అప్పుడు శాశ్వతంగా బిగించిన రియాక్టర్ గాయం మీద కారం చల్లినట్టే. అందుకే కొన్నింటిని బస్‌బార్ మీద విడిగా పెట్టి, కావలసినప్పుడు కలుపుతారు, వద్దనుకుంటే తీసేస్తారు. జనరేటర్లను కూడా రియాక్టివ్ పవర్ మింగేలా నడపవచ్చు గాని, ఎక్సైటేషన్ మరీ తగ్గిస్తే అవి గ్రిడ్‌తో పట్టు తప్పే ప్రమాదం ఉంది. అన్నీ అయిపోయాక చివరి ఉపాయం కొన్ని లైన్లను తెరిచేయడమే. తీగ తగ్గితే కెపాసిటర్ తగ్గుతుంది. తొమ్మిది నిమిషాల దీపాల రాత్రికి ముందే రియాక్టర్లన్నీ కలిపి ఉంచమనీ, కెపాసిటర్ బ్యాంకులు తీసేయమనీ సబ్‌స్టేషన్లకు సూచనలు వెళ్ళింది ఇందుకే.

బెళ్ళందూరు లాంటి చోట ఇంకో మలుపు ఉంది. స్థలం దొరకని నగరంలో హై టెన్షన్ కరెంటు భూమి లోపలి కేబుళ్ళలో నడుస్తుంది. కేబుల్‌లో తీగకూ దాని తొడుగుకూ మధ్య దూరం సెంటీమీటర్లలోనే. అందుకే దాని కెపాసిటెన్స్ స్తంభాల మీది లైనుతో పోలిస్తే ఇరవై రెట్ల దాకా ఉంటుంది. 220 కిలోవోల్టుల కేబుల్ పది కిలోమీటర్లుంటే దాదాపు 25 నుంచి 30 మెగావార్ పుట్టిస్తుంది. అంత చిన్న కేబుల్ రెండు కొసల మధ్య తేడా లెక్కలోకి రాదు. కానీ ఆ మెగావార్లు పైనున్న ట్రాన్స్‌ఫార్మర్ల గుండా వెనక్కి పారి సబ్‌స్టేషన్ వోల్టేజినే ఎత్తుతాయి. డెప్ట్‌ఫర్డ్‌లో జరిగిందీ అదే.

దూరం మరీ ఎక్కువైతే రియాక్టర్లతోనూ లాభం లేదు. ఒడిశాలోని తాల్చేరు నుంచి ఆంధ్ర మీదుగా కోలారు చేరే లైను సుమారు 1,370 కిలోమీటర్లు. ఏసీలో అయితే కోణం 82 డిగ్రీలు, ఖాళీ కొసన వోల్టేజి లెక్క ప్రకారం ఏడు రెట్లు దాటుతుంది. 1,500 కిలోమీటర్ల దగ్గర సూత్రం అనంతాన్ని చూపిస్తుంది. ఆ లైను 500 కిలోవోల్టుల డీసీ. డీసీలో తీగ ఒకసారి నిండితే మళ్ళీ ఛార్జింగ్ కరెంటు అక్కర్లేదు కనుక ఈ పెరుగుదల ఉండదు. అయితే కోలారులో డీసీని ఏసీగా మార్చే కన్వర్టర్ పక్కన హార్మోనిక్స్‌ను వడకట్టే ఫిల్టర్లు ఉండాలి, వాటిలో పెద్ద కెపాసిటర్లుంటాయి. డీసీ లైను మీద కొద్దిపాటి విద్యుత్తే వస్తున్న వేళ కూడా కొన్ని ఫిల్టర్లను తీసేయడం కుదరదు. అవి పుట్టించే మిగులు మెగావార్లను చుట్టుపక్కల ఏసీ లైన్ల రియాక్టర్లే మింగాలి.