నందిని హాలు

మా బాబాయిది తెనాలి. స్నేహితుడి కూతురి పెళ్లికని రాత్రి బస్సెక్కి తెల్లవారకముందే బెంగళూరులో దిగాడు. శుభలేఖ ఇంట్లోనే మరిచిపోయాడు. మండపం ఏ వీధిలో ఉందో గుర్తుంది కానీ పేరు గుర్తు లేదు. వీధి మొదట్లోనే ఒక చిన్న కొట్టు, దాని మీద కన్నడ బోర్డు. అక్షరాలు మనవాటికి దగ్గరే కదా, కూడబలుక్కుని చదివాడు: "నందిని హాలు". పెళ్లి హాలుకి దారి చూపే బోర్డు అనుకున్నాడు. కొట్టు ముందు నలుగురైదుగురు నిలబడి ఉండేసరికి వాళ్లూ పెళ్లివాళ్లేనని నమ్మకం కుదిరింది.

"హాలు ఎక్కడండీ?" అని అడిగాడు.

"హాలు బేకా? అర్ధ లీటరా, ఒందు లీటరా?" అన్నాడు కొట్టతను.

లీటరు అనే మాట దగ్గర బాబాయి ఆగిపోయాడు. ఇంతలో చేతికి చల్లటి ప్యాకెట్టు వచ్చింది. దాని మీదా అదే మాట. కన్నడంలో హాలు అంటే పాలు. నందిని అక్కడి పాల సమాఖ్య అమ్మే పాల పేరు, మనకు విజయ పాలలాగ.

బాబాయి అక్షరాలు చదవడంలో తప్పులేదు. తెలుగు, కన్నడ లిపులు ఒకే పాత లిపి నుంచి విడిపోయాయి కాబట్టి కొంచెం ఓపిక ఉంటే మనం ఆ బోర్డులు చదవగలం. చిక్కంతా మాటలోనే ఉంది. పాత కన్నడంలో కూడా పాలను "పాల్" అనే అనేవారు. సుమారు పదో శతాబ్దం నుంచి మాట మొదట్లో ఉన్న "ప" మెల్లగా "హ"గా మారుతూ వచ్చింది. అలా మన పులి అక్కడ హులి, పంది హంది, పాము హావు, పువ్వు హూవు అయ్యాయి. అందుకే బోర్డు మీద హకారంతో మొదలయ్యే మాట అర్థం కాకపోతే, హ తీసి ప పెట్టి చూడండి. చాలాసార్లు మన మాటే బయటపడుతుంది.

అన్నిచోట్లా ఇది పనిచేయదు. మార్పు మాట మొదట్లోనే జరిగింది కాబట్టి ఉప్పు అక్కడా ఉప్పే, అప్ప అప్పే. సంస్కృతం నుంచి వచ్చిన పుస్తకం, పాఠం లాంటి మాటల్లో ప అలాగే నిలిచింది. హోటలు లాంటి ఇంగ్లిష్ మాటల్లో హ మొదటి నుంచీ ఉన్నదే, ప పెడితే ఏమీ రాదు. పెళ్లి జరిగే చోటికైతే బోర్డు మీద ఎక్కువగా కల్యాణ మంటప అని ఉంటుంది. బాబాయి వెతకాల్సింది ఆ మాట కోసం.

ఈసారి బెంగళూరు వెళ్తే సిటీ బస్సు బోర్డులు చూడండి. మారతహళ్ళి, దాసరహళ్ళి, బొమ్మనహళ్ళి అని కనిపిస్తాయి. ఆ హళ్ళి మన మదనపల్లె చివరనున్న పల్లెకు తోబుట్టువే.