‘అన్నా’ నుంచి ‘రా’ దాకా మూడే మాటలు

సాయంత్రం ఏడు గంటలు. అమీర్‌పేట నుంచి బేగంపేట వైపు వాహనాలు చీమల బారులా కదులుతున్నాయి. ఒక క్యాబ్ ఎడమకు జరిగింది. అదే సందులో దూరబోయిన బైకు హ్యాండిల్ తగిలి క్యాబ్ అద్దం లోపలికి ముడుచుకుంది. పగల్లేదు, గీత కూడా పడలేదు. బైకతను వెనక్కి తిరిగాడు.

“ఏందన్నా, ఇండికేటర్ ఎయ్యవా?”

“నువ్వెట్ల దూరినవ్ సందులకెళ్లి?”

“దూరితే ఏందిరా?”

హైదరాబాద్ రోడ్ల మీద రోజూ వినిపించే తగాదాకు ఇదొక నమూనా. మొదటి మాటలో ఫిర్యాదు ఉంది, కానీ ‘అన్నా’ కూడా ఉంది. రెండో మాటలో ‘అన్నా’ పోయి ‘నువ్వు’ మిగిలింది. మూడో మాటలో ‘రా’ వచ్చింది. ఇక అక్కడి నుంచి అద్దం గురించి ఎవరూ మాట్లాడరు. “ఎవణ్ని రా అంటున్నవ్?” అన్నదే అసలు తగాదా అవుతుంది. స్నేహితుల మధ్య చనువుగా వినిపించే ఆ ఒక్క అక్షరం, ముక్కూ మొహం తెలియని మనిషి నోట వస్తే చెంపదెబ్బలా తగులుతుంది. తెలుగువాళ్ల రోడ్డు గొడవ ఎంత ముదిరిందో తెలుసుకోవాలంటే గొంతు ఎంత పెరిగిందో చూడనక్కర్లేదు, పిలుపు ఎంత దిగిందో గమనిస్తే చాలు.

రోడ్డు తిట్లలోనూ మెట్లున్నాయి. “కళ్లు కనిపించట్లేదా?”, “ఇంట్లో చెప్పొచ్చావా?”, “చావడానికి నా బండే దొరికిందా?” లాంటివి మొదటి మెట్టు. వీటిలో కోపం కన్నా భయం ఎక్కువ. గుద్దుకోబోయి తప్పించుకున్నవాడి గుండెదడ ఆ మాటల్లో బయటికొస్తుంది. జవాబు రాకపోతే చాలాసార్లు అక్కడికక్కడే చల్లారిపోతాయి. “రోడ్డు నీ బాబుదా?”, “లైసెన్స్ ఎవడిచ్చాడ్రా నీకు?” అన్నవి రెండో మెట్టు. ఇక్కడ విషయం నడిపిన తీరు నుంచి మనిషి పుట్టుకకూ, యోగ్యతకూ పాకింది. “నేనెవరో తెలుసా?”, “దమ్ముంటే బండి దిగు” అన్నవి మూడోవి. ఇవి తిట్లు కావు, రాబోయే పనికి ముందస్తు ప్రకటనలు. వీటికి మాటతో జవాబు లేదు, అక్కడి నుంచి వెళ్లిపోవడమే దారి.

మాటలు వినిపించని చోట చేతులు మాట్లాడతాయి. అరచేతిని పైకి తిప్పి విసిరితే “ఏంటిది?” అని అడగడం. కణత దగ్గర వేలు తిప్పితే “బుర్ర ఉందా?” అని. ఇంతవరకు భయపడాల్సింది లేదు. ఎదుటి బండి బానెట్ మీద అరచేత్తో చరచడం, ముందుకొచ్చి కట్ కొట్టడం, బైకును అడ్డంగా నిలపడం, తాళంచెవి లాక్కోవడం మాత్రం సైగల హద్దు దాటినట్టే. ఒకరిని ముందుకు కదలనీయకుండా కావాలని దారి కాయడం భారతీయ న్యాయ సంహిత 126వ సెక్షన్ కింద నేరం. తగవు రేపాలనే ఉద్దేశంతో అవమానించడం 352వ సెక్షన్ కిందికి వస్తుంది. దానికి రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. మహిళను అవమానించేందుకు చేసే సైగకు 79వ సెక్షన్ మూడేళ్ల దాకా శిక్ష చెబుతోంది.

మాటా మాటా పెరిగితే ఎక్కడిదాకా పోతుందో చెప్పే కేసు 1988 డిసెంబరులో పటియాలాలో జరిగింది. రోడ్డు మధ్యలో ఆపిన జిప్సీని పక్కకు తీయమన్న 65 ఏళ్ల పెద్దాయనతో అప్పటి క్రికెటర్ నవజోత్ సింగ్ సిద్ధూకు గొడవ జరిగింది. దెబ్బ తిన్న ఆ పెద్దాయన ప్రాణాలు పోయాయి. కేసు కోర్టుల మెట్లెక్కి దిగింది. 2018లో సుప్రీంకోర్టు వెయ్యి రూపాయల జరిమానాతో సరిపెట్టినా, పునఃసమీక్షలో 2022 మే నెలలో ఏడాది కఠిన కారాగారం విధించింది. దారివ్వమన్న దగ్గర మొదలైన తగాదా ముప్పై మూడేళ్ల తర్వాత ఒకరిని జైలుకు పంపింది. అవతలి ఇంట్లో మాత్రం మనిషి అప్పుడే పోయాడు.

తిరిగి క్యాబ్ దగ్గరికి వద్దాం. వెనక సీట్లో సికింద్రాబాద్ స్టేషన్‌కు వెళ్తున్న ఒకామె ఉందనుకుందాం. గొడవలో ఆమెకు భాగం లేదు, కానీ దాన్ని ఆపే అవకాశం ఎక్కువగా ఉన్నది ఆమెకే. చాలామంది ప్రయాణికులు ఇక్కడ రెండు పొరపాట్లు చేస్తారు. అద్దం దించి అవతలివాడికి న్యాయం చెప్పబోతారు, లేదా ఫోను ఎత్తి అతని మొహం మీద వీడియో తీస్తారు. మొదటి పనితో అతనికి శత్రువులు ఇద్దరవుతారు. రెండో దాంతో నలుగురు చూస్తున్నారన్న పట్టుదల పుడుతుంది.

ఆమె మాట్లాడాల్సింది తన డ్రైవర్‌తో. “అన్నా, నాకు ట్రైన్ టైం అవుతోంది, పోదాం పా” అంటే చాలు. అతనికి ఆ క్షణంలో కావలసింది నీతిబోధ కాదు, వెనక్కి తగ్గినట్టు కనిపించకుండా కదలడానికి ఒక సాకు. “మేడంకు ట్రైన్ ఉంది, లేకుంటే నీ సంగతి చూద్దును” అని అతను గొణుక్కున్నా నష్టం లేదు, బండి కదిలింది. “ఎందుకు గొడవ, నీదే తప్పు” అంటే మాత్రం ఆ కోపం ఆమె మీదికి తిరుగుతుంది.

తప్పు తనదే అయినప్పుడు డ్రైవర్ చేయాల్సింది ఇంకా చిన్న పని. అరచేయి ఎత్తి “సారీ అన్నా” అనడం. కానీ ఆ మాటకు తోక తగలకూడదు. “సారీ చెప్పాను కదా” అనగానే ‘కదా’ ఆ క్షమాపణను సవాలుగా మార్చేస్తుంది. “ఇప్పుడేమైందని?” అన్నదీ అంతే. నిజంగా బండికి దెబ్బ తగిలితే ఇద్దరూ పక్కకు ఆపి, బండ్ల ఫొటోలు తీసుకుని, నంబర్లు రాసుకుని, మిగతాది బీమాకు వదిలేయడం మేలు. ఎవరైనా వెంటపడితే అద్దాలెత్తి, తలుపులు లాక్ చేసి 112కు ఫోన్ చేయాలి. బండిని ఇంటికి కాకుండా పోలీస్ స్టేషన్‌కో, జనం ఉన్న పెట్రోల్ బంకుకో పోనివ్వాలి. ఇల్లు చూపిస్తే గొడవ రేపటికీ మిగులుతుంది.

విదేశాలకు వెళ్లే తెలుగువాళ్లు ఈ సైగల భాషను మళ్లీ నేర్చుకోవాలి. మన దగ్గర ఎదుటి బండి హెడ్‌లైట్లు కొడితే “నేనొస్తున్నా, ఆగు” అని. బ్రిటన్‌లో చాలామంది అదే పనిని “మీరు వెళ్లండి” అనే మర్యాదగా చేస్తారు. అక్కడి హైవే కోడ్ మాత్రం దాన్ని నమ్మి కదలవద్దని హెచ్చరిస్తుంది. జర్మనీలో నుదుటిని వేలితో తట్టి “బుర్ర లేదా” అని సైగ చేస్తే అవమానం కింద కేసు పెట్టవచ్చు, జరిమానాను ఆదాయాన్ని బట్టి లెక్కగడతారు. దుబాయిలో మధ్యవేలు చూపిస్తే కోర్టుదాకా వెళ్లాల్సి రావచ్చు, దేశం నుంచే పంపేసే ప్రమాదమూ ఉంది.

హైదరాబాద్‌లో ఇంకో చిక్కుంది. తగాదా నుంచి తప్పించుకున్న ఇద్దరూ అర కిలోమీటరు దాటకముందే తర్వాతి సిగ్నల్ దగ్గర మళ్లీ కలుస్తారు. అనుభవమున్న డ్రైవర్లు అక్కడ అతని పక్కకు పోయి ఆపరు. ఒక బండి వెనకే నిలిపి, అద్దం సరిచేసుకుని, చూపు సిగ్నల్ మీద పెడతారు. పచ్చ లైటు పడ్డాక బైకును ముందు పోనిస్తారు.