ఉద్యోగానికి ఉత్తరం - వారానికి 20 గంటలు

అమెరికాలో చదువుకుంటున్న పిల్లలున్న ఇళ్ళలో తరచు వినబడే మాట ఒకటుంది: "అమ్మా, కాంపస్‌లో పార్ట్‌టైము పనికి రాస్తున్నాను" అని. రాసింది మనకే ఫోనులో చదివి వినిపిస్తారు కూడాను. "ఇంగ్లీషు బాగుందే" అని ఊరుకుంటాం. ఇంగ్లీషు సరేనండీ, అందులో ఉండవలసిన ఒక ముఖ్యమైన వాక్యం ఉందో లేదో మనమూ చూడగలిగితే మంచిది కదా!

చదువుకోసం వెళ్ళేవారిలో ఎక్కువమందికి ఇచ్చేది ఎఫ్-1 వీసా. దానిమీద వెళ్ళినవారు తాము చదివే విశ్వవిద్యాలయంలోనే, క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించకుండా పని చెయ్యవచ్చు. పెద్ద సెలవుల్లో, మళ్ళీ వచ్చే టరముకు చదువు సాగించేవారైతే, అంతకన్న ఎక్కువ గంటలూ చెయ్యవచ్చు. బయట హోటల్లోనో, పెట్రోలు బంకులోనో పని అంటారా? ప్రత్యేకంగా అనుమతి లేకుండా ఒక్క గంట కూడా పనికిరాదు.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, ఈ 20 గంటలు ఉద్యోగానికి కాదు, మనిషికి. రెండుచోట్ల చేస్తే రెండూ కలిపి లెక్క. డిపార్టుమెంటులో 20 గంటల అసిస్టెంటుషిప్పు ఉన్న అబ్బాయి లైబ్రరీలో ఇంకో నాలుగు గంటలు చేస్తానంటే కుదరదన్నమాట.

ఒక అమ్మాయి సంగతి అనుకుందాం. కాలేజీ భోజనశాలలో వారానికి 12 గంటలు చేస్తోంది. లైబ్రరీ కౌంటరులో మనిషి కావాలని తెలిసి రాస్తోంది. మన పిల్లలకి "మీరు ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను, ఎంతసేపైనా చేస్తాను" అని రాయడం అలవాటు. మన దగ్గర అది వినయం. అక్కడి సూపర్‌వైజరుకు మాత్రం దానివల్ల ఉపయోగం లేదు. ఆవిడకు కావలసింది ఏ రోజు, ఏ వేళ అనే సంగతి. పైగా ఆ మాట పట్టుకుని ఆవిడ 15 గంటలు వేసేస్తే చిక్కు పిల్లకే. అందుకని ఉత్తరం ఇలా ఉండాలి:

"అమ్మా, నేను ఎం.ఎస్. మొదటి సంవత్సరం విద్యార్థినిని. మీ కౌంటరు పనికి రాస్తున్నాను. మంగళ, గురువారాల్లో సాయంత్రం 6 నుంచి 10 వరకు నాకు క్లాసులు లేవు. ప్రస్తుతం భోజనశాలలో వారానికి 12 గంటలు పని చేస్తున్నాను. ఎఫ్-1 విద్యార్థినిని గనుక, క్లాసులు జరిగే రోజుల్లో అన్ని పనులూ కలిపి 20 గంటలు దాటరాదు. కాబట్టి మీ దగ్గర 8 గంటలకు మించి చెయ్యలేను."

అంతే! ఇందులో చిన్నబుచ్చుకోవలసింది ఏమీ లేదు. విదేశీ విద్యార్థులను పనిలో పెట్టుకునేవారికి ఈ నిబంధన కొత్త కాదు.

పని దొరికాక ఇంకో మెలిక ఉందండీ. స్నేహితురాలికి జ్వరం వస్తే, ఆమె వంతు నాలుగు గంటలు మన అమ్మాయి చేసిపెట్టిందనుకోండి. ఆ వారం 24 అయ్యాయి. మర్నాటి వారం 16 చేసి సరిపెట్టుకుంది. చాలాచోట్ల జీతం రెండువారాలకొకసారి ఇస్తారు గనుక, చీటీలో మొత్తం 40 అని చక్కగా కనిపిస్తుంది. కాని ఈ లెక్క సగటు కాదు, ఏ వారానికి ఆ వారమే. మొదటి వారం నిబంధన దాటినట్టే. అందుచేత చీటీ వచ్చేదాకా ఆగకుండా, రెండుచోట్ల గంటలూ ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. వంతు మార్చుకునే ముందు ఆ పుస్తకం చూడాలి. మనం పాల లెక్క కాలెండరు మీద రాసుకోమూ, అలాగే.

నాలుగు గంటలకి ఇంత రాద్ధాంతమా అంటారేమో. దాటితే అది అనుమతి లేని పని కిందికి వస్తుంది, ఎఫ్-1 హోదాకే ముప్పు వస్తుంది. హోదా పోయినవారు తిరిగి ఇప్పించమని దరఖాస్తు పెట్టుకునే వీలుంది గాని, దాని షరతుల్లో ఒకటి అనుమతి లేని పని చేసి ఉండకూడదనే! పొరపాటున దాటినా దాచిపెట్టకుండా, విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ఆఫీసుకు వెంటనే వెళ్ళి అడగాలి.

"సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు, ఎలా రాయను?" అని కొందరు పిల్లలు ఆగిపోతుంటారు. వరస తిరగవేసుకున్నారన్నమాట. ముందు పని ఖాయం కావాలి. పని ఇచ్చినవారు ఒక లేఖ ఇస్తారు, విదేశీ విద్యార్థుల ఆఫీసు ఇంకొకటి ఇస్తుంది. ఆ రెండూ, పాస్‌పోర్టూ, ఐ-20 కాగితమూ పట్టుకుని సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు వెళితే అప్పుడు నంబరు ఇస్తారు.